ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. బిల్లింగ్ కౌంటర్ పక్కనే ఇన్సూరెన్స్ డెస్క్. మీ చేతిలో అమ్మ ఆధార్, పాలసీ కార్డు, స్కానింగ్ రిపోర్టు ఉన్నాయి. అమ్మకు పిత్తాశయంలో రాళ్లు; రేపు లాప్రోస్కోపీ. డెస్క్ దగ్గరి అమ్మాయి ప్రీఆథరైజేషన్ ఫారం ఇస్తుంది. మొదటి భాగం మీరు నింపాలి. జబ్బు ఎప్పటి నుంచి ఉంది, ఏ ఆపరేషన్, అంచనా ఖర్చు ఎంత అన్నవి డాక్టరు నింపి సంతకం పెట్టాలి.

పాలసీ కార్డు మీద రెండు పేర్లున్నాయి. ఒకటి బీమా కంపెనీది, రెండోది టీపీఏది. ఫారం ముందుగా వెళ్లేది ఈ రెండో పేరున్న ఆఫీసుకే. అక్కడ కూర్చున్న డాక్టర్లు కాగితాలను పాలసీ నిబంధనలతో సరిచూస్తారు. వాళ్లకు ఫీజు ఇచ్చేది బీమా కంపెనీ. క్లెయిము సొమ్ము కూడా కంపెనీదే, టీపీఏది కాదు.

కాసేపటికి డెస్క్ నుంచి పిలుపు. "సార్, క్వెరీ వచ్చిందండి. ఐపీ నోట్స్‌లో మూడేళ్లుగా కడుపునొప్పి అని ఉంది. మీ పాలసీ తీసుకుని రెండున్నరేళ్లే కదా."

చిక్కంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. నొప్పి పాలసీ కంటే ముందుదైతే పాత జబ్బేమోనన్న అనుమానం వస్తుంది. మీరు పై అంతస్తుకు పరుగెత్తి అమ్మను అడుగుతారు. "మూడేళ్ల కిందట ఒకసారి గ్యాస్ నొప్పి వచ్చి తగ్గిపోయిందని చెప్పానురా. ఈ నొప్పి మొన్న పండగ తర్వాతే కదా." జూనియర్ డాక్టరు దాన్ని ఒక్క ముక్కలో రాసేశారు. ఫోన్లో టీపీఏతో వాదిస్తే పని కాదు. వాళ్లు చూసేది కాగితం. రాళ్లు మొదటిసారి బయటపడ్డ స్కాన్ రిపోర్టు, మొదటి ఓపీ చీటీ తీస్తారు. జరిగింది విన్నాక సర్జన్ తన లెటర్‌హెడ్ మీద వివరణ రాసిస్తారు. డెస్క్ ఆ మూడింటినీ అప్‌లోడ్ చేస్తుంది. సాయంత్రానికి మొదటి మంజూరు వస్తుంది: 40,000 రూపాయలు. అంచనాలో సగం కూడా లేదని గుండె జారుతుంది. కానీ అది చివరి లెక్క కాదు, చికిత్స మొదలుపెట్టుకోమనే అనుమతి.

మూడో రోజు ఉదయం పది. "ఇంటికి వెళ్లొచ్చమ్మా" అని సర్జన్ రౌండ్స్‌లో చెప్పి వెళ్లారు. మధ్యాహ్నం ఒంటిగంటైనా కదలిక లేదు. పక్క బెడ్డు వాళ్లు టీపీఏని తిడుతున్నారు. మీరు డెస్క్ దగ్గర ఒకే ప్రశ్న అడగండి: "ఫైనల్ బిల్లు ఎన్నింటికి పంపారండీ?" జవాబు: "ఇంకా పంపలేదు సార్, ఫార్మసీ రిటర్న్స్ రావాలి, డిశ్చార్జ్ సమ్మరీ టైపవుతోంది." అంటే ఫైలు ఇంకా ఆసుపత్రి దాటలేదు. ఐఆర్‌డీఏఐ 2024 మే నెల సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలో నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. ఆ మూడు గంటలు లెక్కకు వచ్చేది ఆసుపత్రి అభ్యర్థన అందినప్పటి నుంచి, డాక్టరు మాట చెప్పినప్పటి నుంచి కాదు. అవి దాటాక ఆసుపత్రి అదనంగా వేసే ఖర్చు బీమా కంపెనీ భరించాలి.

రెండున్నరకు బిల్లు వెళ్లింది. నాలుగున్నరకు జవాబు వచ్చింది. మొత్తం బిల్లు 1,14,000, మంజూరైంది 77,000.

తేడా 37,000 ఎక్కడిదని కోతల షీటు అడిగి తీసుకుంటారు. పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 5,000. మీరు తీసుకున్నది 8,000 గది. మూడు రోజులకు అద్దెలోనే 9,000 పోయింది. అసలు దెబ్బ తర్వాతి వరుసలో ఉంది. ఈ ఆసుపత్రిలో గది పెద్దదైతే సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్ చార్జీలు కూడా పెరుగుతాయి. అందుకే ఆ 64,000 కూడా ఐదుకు ఎనిమిది నిష్పత్తిలో తగ్గి 40,000 అయింది. 24,000 మీ మీద పడింది. మందులు, పరీక్షల 22,000 మాత్రం పూర్తిగా ఇచ్చారు, వాటికి ఈ నిష్పత్తి వర్తించదు. చివరి 4,000 గ్లోవ్స్ లాంటి, పాలసీ చెల్లించని వస్తువులది. గదిని బట్టి చార్జీలు మారని ఆసుపత్రి అయితే ఆ 24,000 కోత చెల్లదు. కాబట్టి ఆ ముక్క డెస్క్‌ను అడిగాకే సంతకం పెట్టాలి.

షీటు మీద ముద్ర టీపీఏది. అయినా క్లెయిము తిరస్కరించే అధికారం దానికి లేదు. ఆ నిర్ణయం కంపెనీ కమిటీ దాటి, కారణంతో, కంపెనీ పేరుతోనే రావాలి. కోత తప్పనిపిస్తే ఫిర్యాదు కూడా కంపెనీకే రాయాలి. అక్కడ తేలకపోతే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. మీరు 37,000 కట్టి, షీటు నకలు, బిల్లు, డిశ్చార్జ్ సమ్మరీ ఒకే ఫైల్లో పెట్టుకుంటారు. డిశ్చార్జ్ తర్వాత వాడే మందుల బిల్లులు రీయింబర్స్‌మెంట్‌కు పంపేది ఇదే క్లెయిము నంబరు మీద.