సవరణ దూరం, దీర్ఘతమ ఉమ్మడి అనుక్రమం

ఒక మాటను మరో మాటగా మార్చడానికి కనీసం ఎన్ని సవరణలు కావాలో చెప్పే సంఖ్యే సవరణ దూరం (ఎడిట్ డిస్టెన్స్). ఒక అక్షరాన్ని చేర్చడం, తీసివేయడం, ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టడం అనే మూడు పనులను మాత్రమే సవరణలుగా లెక్కిస్తారు. ఒక్కో పనికి ఖర్చు 1. సోవియట్ గణితవేత్త వ్లాదిమిర్ లెవెన్‌స్టీన్ 1965లో, ప్రసారంలో దెబ్బతిన్న సంకేతాలను సరిదిద్దే కోడ్‌లను పరిశీలిస్తూ దీన్ని నిర్వచించాడు. అందుకే దీనికి లెవెన్‌స్టీన్ దూరం అనే పేరు కూడా ఉంది.

దీర్ఘతమ ఉమ్మడి అనుక్రమం (ఎల్‌సీఎస్) ఇదే ప్రశ్నను అటువైపు నుంచి అడుగుతుంది. రెండు మాటల్లోనూ అదే వరుసలో కనిపించే అక్షరాలు గరిష్ఠంగా ఎన్ని అన్నది ఇక్కడి ప్రశ్న. ఆ అక్షరాలు పక్కపక్కనే ఉండక్కర్లేదు, వరుస తప్పకపోతే చాలు.

రెంటినీ ఒకే ఆకారంలో ఉన్న పట్టికతో లెక్కిస్తారు. సవరణ దూరానికి ఈ పట్టిక పద్ధతిని వాగ్నర్, ఫిషర్ 1974లో ప్రచురించారు. ప్రోటీన్ వరుసలను సరిపోల్చడానికి నీడిల్‌మన్, వున్ష్ ఈ తరహా పట్టికనే 1970లో వాడారు.

గడి అంటే ఏమిటి

"పగడం"ను "గడప"గా మార్చే లెక్క చూద్దాం. ప్రస్తుతానికి సున్నను విడి గుర్తుగా లెక్కిస్తే మొదటి మాటలో 4 గుర్తులు, రెండో దానిలో 3 ఉన్నాయి. స్థానాల వారీగా పోలిస్తే ఒక్కటీ కలవదు. కానీ "గడ" రెంటిలోనూ ఉందని కంటికి తెలుస్తూనే ఉంది. పట్టిక పట్టుకునేది దాన్నే.

| | – | గ | డ | ప |
|---|---|---|---|---|
| – | 0 | 1 | 2 | 3 |
| ప | 1 | 1 | 2 | 2 |
| గ | 2 | 1 | 2 | 3 |
| డ | 3 | 2 | 1 | 2 |
| ం | 4 | 3 | 2 | 2 |

కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది గడి అర్థం దగ్గరే. "డ" అడ్డవరుస, "డ" నిలువు వరుస కలిసే గడిలో 1 ఉంది. రెండూ ఒకే అక్షరం కదా, 0 ఉండాలి కదా అనిపిస్తుంది. గడి ఆ రెండు అక్షరాల గురించి మాత్రమే చెప్పదు. అక్కడి దాకా వచ్చిన మొదటి భాగాలన్నిటి గురించీ చెబుతుంది. ఆ 1కి అర్థం "పగడ"ను "గడ"గా మార్చడానికి ఒక సవరణ చాలు అని. D[i][j] అంటే మొదటి మాటలోని తొలి i గుర్తులను రెండో మాటలోని తొలి j గుర్తులుగా మార్చే కనీస ఖర్చు. ప్రతి గడీ ఒక చిన్న ప్రశ్నకు పూర్తి జవాబు.

ఈ అర్థం పట్టుబడితే అంచులను బట్టీ పట్టనక్కర్లేదు. పై వరుస అంటే ఖాళీ మాట నుంచి మొదలుపెట్టి ఒక్కో అక్షరం చేర్చడం. అందుకే అక్కడ 0, 1, 2, 3 వచ్చాయి. ఎడమ అంచు అంటే ఉన్నవన్నీ తీసివేసి ఖాళీ చేయడం.

a మొదటి మాట, b రెండో మాట అనుకుంటే లోపలి గడులు నింపే నియమం ఇది:

```
if a[i-1] == b[j-1]:
    D[i][j] = D[i-1][j-1]
else:
    D[i][j] = 1 + min(D[i-1][j], D[i][j-1], D[i-1][j-1])
```

పై గడి నుంచి దిగితే మొదటి మాటలోని అక్షరాన్ని తీసివేసినట్టు, ఎడమ గడి నుంచి వస్తే రెండో మాటలోని అక్షరాన్ని చేర్చినట్టు, ఏటవాలుగా వస్తే ఒకదాని బదులు ఇంకొకటి పెట్టినట్టు. అక్షరాలు కలిసినప్పుడు మిగతా రెండు దారులు చూడకపోయినా నష్టం లేదు. పక్కపక్క గడుల తేడా ఎప్పుడూ 1కి మించదు కాబట్టి, వాటికి ఇంకో 1 కలిపితే వచ్చేది ఏటవాలు గడిలోని సంఖ్య కంటే తక్కువ కాలేదు.

కుడివైపు అడుగు గడిలోని 2 మన జవాబు. సవరణలేవో తెలియాలంటే అక్కడి నుంచి వెనక్కి నడవాలి. ఆ గడిలోకి 2 వచ్చింది ఏటవాలు గడిలోని 1 నుంచే. పైన 2, ఎడమన 2 ఉన్నాయి, అటు నుంచి వస్తే 3 అయ్యేది. కనుక సున్న బదులు "ప" పెట్టాం. తర్వాత "డ", "గ" ఖర్చు లేకుండా కలిశాయి. చివరికి మొదటి "ప"ను తీసివేశాం. ఈ జంటకు ఉన్నది ఒకే దారి. చాలా జంటలకు సమాన ఖర్చుతో అనేక దారులుంటాయి, వాటిలో ఏదైనా సరైనదే.

ఎల్‌సీఎస్ పట్టిక

ఇక్కడ L[i][j] అంటే అవే మొదటి భాగాల్లో గరిష్ఠంగా కలిసే అక్షరాల సంఖ్య. ఖాళీ మాటతో కలిసేది ఏదీ ఉండదు కాబట్టి అంచులన్నీ 0. అక్షరాలు కలిస్తే ఏటవాలు గడికి 1 కలుపుతాం, కలవకపోతే పై గడి, ఎడమ గడుల్లో పెద్దదాన్ని తీసుకుంటాం.

| | – | గ | డ | ప |
|---|---|---|---|---|
| – | 0 | 0 | 0 | 0 |
| ప | 0 | 0 | 0 | 1 |
| గ | 0 | 1 | 1 | 1 |
| డ | 0 | 1 | 2 | 2 |
| ం | 0 | 1 | 2 | 2 |

"ప" వరుస చివర 1 ఉంది, ఎందుకంటే "ప", "గడప"ల మధ్య "ప" ఉమ్మడి. కానీ ఆ "ప"ను ఎంచుకుంటే రెండో మాట అక్కడితో అయిపోతుంది, "గడ"ను వదులుకోవాలి. రెండు అవకాశాలూ పట్టికలో పక్కపక్కనే పెరుగుతాయి. కింది వరుసల్లో "గడ" 2కు చేరి నెగ్గింది.

మాటల పొడవులు m, n అనుకుంటే రెండు పట్టికల సంబంధం ఇది. బదులు పెట్టడాన్ని నిషేధించి చేర్చడం, తీసివేయడం మాత్రమే అనుమతిస్తే దూరం కచ్చితంగా m + n − 2L. మన జంటకు 4 + 3 − 4 = 3. బదులు పెట్టడాన్ని అనుమతిస్తే దూరం ఇంతకు మించదు, మాటల్లో పెద్దదాని పొడవులోంచి L తీసేస్తే వచ్చే దానికి తగ్గదు. ఇక్కడ ఆ హద్దులు 3, 2.

ప్రోగ్రామ్‌లో తప్పు పట్టడానికి ఈ హద్దులు బాగా పనికొస్తాయి. తరచూ జరిగే పొరపాటు ఎల్‌సీఎస్ అలవాటుతో సవరణ దూరం అంచులనూ సున్నాలతో నింపడం. అలా చేస్తే మన జంటకు 1 వస్తుంది. ప్రోగ్రామ్ ఆగదు, సంఖ్య కూడా నమ్మదగ్గట్టే ఉంటుంది. హద్దు 2 కంటే తక్కువ కావడమే తప్పును బయటపెడుతుంది.

ఖర్చు

పట్టికలో సుమారు m × n గడులుంటాయి. చెరో 10,000 అక్షరాల పాఠాలకు అది 10 కోట్లు. దూరం ఒక్కటే కావాలంటే రెండు వరుసలు గుర్తుంచుకుంటే చాలు. కానీ వెనక్కి నడిచే దారి పోతుంది. దారిని కూడా తక్కువ జ్ఞాపకంతోనే రాబట్టే ఉపాయాన్ని 1975లో హిర్ష్‌బర్గ్ చూపాడు. పాఠాన్ని సగానికి విడగొట్టి, ఒక సగాన్ని ముందు నుంచి, ఇంకో సగాన్ని వెనక నుంచి లెక్కించి, దారి మధ్య వరుసను ఎక్కడ దాటుతుందో కనుక్కోవడమే ఆ ఉపాయం. తర్వాత రెండు భాగాలకూ అదే పని మళ్లీ చేస్తారు.

తెలుగులో అక్షరం ఏది

పట్టికకు అక్షరం అంటే ఏమిటో తెలియదు, మనం ఇచ్చిన ముక్కలనే పోలుస్తుంది. పై లెక్కలో యూనికోడ్ కోడ్ పాయింట్లను ముక్కలుగా తీసుకున్నాం. తెలుగువారు పలికినట్టు "ప, గ, డం" అని విడగొడితే "డం", "డ" వేర్వేరు ముక్కలవుతాయి. ఉమ్మడి అనుక్రమం పొడవు 1కి తగ్గుతుంది, దూరం 3కు పెరుగుతుంది. "చెట్టు"ను "చెటు" అని రాస్తే దీనికి తలకిందులు. చూసేవారికి అది ఒత్తు మరిచిపోయిన ఒక్క తప్పే, అక్షరాల లెక్కలోనూ దూరం 1. కోడ్ పాయింట్లలో మాత్రం పొల్లు గుర్తు, రెండో "ట" రెండూ పోయినట్టు కాబట్టి దూరం 2. అక్షరదోషాలు పట్టే పనికి, ఒత్తును ఒకే సవరణగా చూసే అక్షరాల లెక్కే మేలు. అయితే గుణింతపు గుర్తు ఒక్కటి మారినా అది అక్షరమంతటినీ మార్చినట్టే చూస్తుంది. కనుక ఒకే హల్లు ఉన్న అక్షరాల మధ్య ఖర్చును 1 కంటే తక్కువగా పెట్టుకోవడం మంచిది.

ఏ విభజన ఎంచుకున్నా ముందు యూనికోడ్ రూపాన్ని ఏకం చేయాలి. ఐత్వం గుర్తును ఒకే కోడ్ పాయింట్‌గా (U+0C48) రాయవచ్చు, రెండింటిగానూ (U+0C46, U+0C56) రాయవచ్చు. తెరపై రెండూ ఒకేలా కనిపించే "కై"ల మధ్య పట్టిక 2 చూపిస్తే కారణం ఇదే.