డిజైన్ సమీక్ష వ్యాఖ్యల పట్టిక

డిజైన్ సమీక్షలో వచ్చిన ప్రతి అభ్యంతరానికీ ఒక వరుస కేటాయించి, దాని తీవ్రత, డిజైనర్ జవాబు, ప్రస్తుత స్థితి నమోదు చేసే పత్రం ఇది. ఐరోపా అంతరిక్ష ప్రాజెక్టుల్లో ఇలాంటి వ్యాఖ్యను ‘రిడ్’ అంటారు.

‘బోల్టును ఎంత బిగించాలో డ్రాయింగులో లేదు’ అని సమీక్షకుడు రాశాడనుకుందాం. బోల్టు వదులైతే పరికరం ఊడిపడే చోటైతే తీవ్రత ‘మేజర్’. ‘తర్వాతి కూర్పులో చేరుస్తాం’ అని డిజైనర్ బదులిస్తే వరుస ఇంకా తెరిచే ఉంటుంది. కొత్త డ్రాయింగులో ఆ అంకెను సమీక్షకుడు కళ్లారా చూశాకే ‘క్లోజ్డ్’ అని రాస్తారు.

జవాబు వచ్చిందని, పని మొదలైందని మూసేస్తేనే చిక్కు.

అంతరిక్ష నౌక చాలెంజర్ ప్రమాదంలో బయటపడింది ఇలాంటి లోపమే. బూస్టర్ కీళ్లలోని ఓ-రింగుల కోత నాసా సమస్యల నమోదు వ్యవస్థలో ఉంది. 1982 నుంచే ఆ కీలుది అత్యంత ప్రమాదకర శ్రేణి. అయినా, పరిష్కారం పూర్తికాకుండానే 1986 జనవరి 23న ‘సమస్య ముగిసింది’ అన్న నమోదు చేరింది. అయిదు రోజులకే నౌక ముక్కలై ఏడుగురు మరణించారు. మూడో ఓ-రింగుతో మార్చిన కీలు 1988లో ఎగిరింది.