చారిత్రక రేడియో నాటకంలో ధ్వని: 1948 నాటి జగ్గయ్యపేట దృశ్యం

చారిత్రక నాటకంలో సంభాషణలే కాదు, శబ్దాలు కూడా కాలానికి సాక్ష్యం చెప్పాలి. దీనిని ఒక దృశ్యం ద్వారా పరిశీలిద్దాం. 1948 సెప్టెంబర్ 12 రాత్రి, జగ్గయ్యపేటలో ఒక పెంకుటిల్లు. లాంతరు వెలుగులో తల్లీకొడుకులు మాట్లాడుకుంటున్నారు. నందిగామ వైపు నుండి సైనిక ట్రక్కులు వస్తున్నాయి. మరునాడు, అంటే 13న, భారత సేనలు నిజాం రాజ్యంలోకి ప్రవేశించాయి. వాటిలో ఒక విభాగం విజయవాడ వైపు నుండి కోదాడ దిశగా సాగింది. కనుక ముందురోజు రాత్రి ట్రక్కులు కదిలాయనడం సహేతుకమైన ఊహ.

మొదటిది రూమ్ టోన్. ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో వినిపించే సన్నని నేపథ్య ధ్వని ఇది. సంభాషణ రికార్డు చేసిన చోటే, మైకును కదపకుండా, అందరినీ మౌనంగా ఉంచి ఒక నిమిషం రికార్డు చేయాలి. రెండు టేకులను అతికినప్పుడు మధ్య ఖాళీని దీనితోనే నింపుతారు. శూన్యంగా వదిలితే రేడియో ఆగిపోయిందేమోనని శ్రోతకు అనిపిస్తుంది. హెడ్‌ఫోన్‌తో వింటే ఆ లోటు వెంటనే తెలుస్తుంది. ఈ ఇంట్లో ఫ్యాను హోరు, ఫ్రిజ్ మోత వినిపించకూడదు.

రెండవది పరిసర ధ్వనుల పొరలు. దూరపు పొరలో పాలేరు వైపు కప్పలు, కీచురాళ్లు, మధ్య పొరలో వీధి కుక్కలు, ఆపైన ట్రక్కులు. గోడ సన్నని శబ్దాలను ఎక్కువగా, బొంగురు శబ్దాలను తక్కువగా ఆపుతుంది. అందువల్ల ఇంట్లో ఉన్నవారికి ట్రక్కు మొదట గుండెల్లో అదురులా వినిపించాలి. తలుపు తెరిచాకే ఇనుప చప్పుడు స్పష్టం కావాలి. చిన్న రికార్డును పదేపదే తిప్పితే అదే కుక్క అదే తీరున మొరిగి గుట్టు బయటపడుతుంది. మూడు నిమిషాలదీ నాలుగు నిమిషాలదీ కలిపి నడిపితే ఆ చిక్కు తగ్గుతుంది.

మూడవది ఫోలీ. హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరు మీదుగా ఈ పదం వచ్చింది. పాత్రల కదలికల శబ్దాలను విడిగా చేసి రికార్డు చేయడమే ఫోలీ. ఇక్కడ రెండు చాలు: కొడుకు లేచినప్పుడు నులకమంచం కిర్రుమనడం, తల్లి తలుపు గడియ వేయడం. నటి మైకుకు దూరంగా ఉండి, గడియను మాత్రం మైకు పక్కనే రికార్డు చేస్తే తలుపు శ్రోత చెవి దగ్గరే ఉన్నట్లవుతుంది. కాబట్టి రెండింటికీ దూరం ఒకటే ఉండాలి.

చివరగా ఒక తనిఖీ. ఈ ఇంట్లో రేడియో మోగించాలనుకుంటే అది విజయవాడ కేంద్రం కాకూడదు. ఆ కేంద్రం 1948 డిసెంబర్ 1న ప్రారంభమైంది. మద్రాసు కేంద్రం 1938 నుండే ఉంది కనుక ఆ ప్రసారం సరిపోతుంది.

అభ్యాసం: ఇదే దృశ్యాన్ని నేటి నందిగామలో జరిగినట్లు మార్చండి. ఏ శబ్దాలు తొలగించాలి, ఏవి చేర్చాలి? కారణాలతో రాయండి.