పచ్చితోలు బొమ్మ – గాజుపెట్టె

చెప్పులు కుట్టే తోలుకూ బొమ్మలాట తోలుకూ తేడా తెలిస్తే ఈ చరిత్రలో సగం తెలిసినట్టే. చెప్పుల తోలును తంగేడు చెక్క నానిన నీళ్లలో ఊరబెట్టి పదును చేస్తారు. అది మెత్తబడుతుంది, రంగు మారుతుంది, వెలుగును తన గుండా పోనివ్వదు. బొమ్మ తోలును ఆ నీళ్ల దరికి తీసుకుపోరు. మామూలు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలూ లోపలి కొవ్వూ గీకి, బిగలాగి ఎండబెడతారు. ఎండిన తర్వాత దీపానికి ఎదురుగా పట్టుకుంటే అవతలి వెలుగు కనిపిస్తుంది. అంటే అది పచ్చితోలు. మన డప్పు మీద ఉండేదీ పచ్చితోలే. వానాకాలం డప్పు పలకకపోతే మనం మంట దగ్గర కాచుకుంటాం కదా, బొమ్మ తోలు గుణమూ అదే. చెమ్మకు వదులవుతుంది, ఎండకు బిగుసుకుంటుంది. ఈ సంగతి మళ్లీ అవసరం పడుతుంది.

తోలుబొమ్మలాట ప్రస్తావన పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే ఉంది. అంటే కాకతీయుల కాలానికే జనం ఎరిగిన ఆట. తర్వాతి కాలంలో దీన్ని ఎక్కువగా నిలబెట్టినవాళ్లు ఇంట్లో ఆరె మరాఠీ మాట్లాడే సంచార కుటుంబాలు. ఇంటి భాష ఒకటి, తెర వెనక భాష తెలుగు. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాషగా పెరిగిన మాకు ఇది వింతగా అనిపించదు. రంగనాథ రామాయణంలోని ద్విపదలు వాళ్లకు నోటికి వచ్చు. ఇంటి ఆడవాళ్లు సీతకు, మండోదరికి గొంతు ఇస్తారు. మగవాళ్లు బొమ్మ ఆడిస్తూ కాలికింద చెక్కపలకను తొక్కి యుద్ధం చప్పుడు పుట్టిస్తారు.

ఆంధ్ర బొమ్మలు దేశంలోని తోలుబొమ్మల్లో అన్నిటికన్నా పెద్దవి. కొన్ని మనిషెత్తు ఉంటాయి. పూర్వం దేవతలకు, వీరులకు జింక జాతుల తోలు వాడేవారు. మిగతా పాత్రలకు మేకతోలు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అన్నిటికీ మేకతోలే దిక్కయింది. రావణుడికి నాలుగు తోళ్లు పడతాయి. ఒకటి మొండేనికి, ఒకటి కాళ్లకు, చెరో వైపు చేతులకు ఒక్కొక్కటి. నగలు గీసిన చోట ఉలితో చిన్న చిన్న చిల్లులు కొడతారు. తెర మీద అవే రవ్వల్లా మెరుస్తాయి. రంగు రెండు వైపులా వేస్తారు. భుజం, మోచెయ్యి, మోకాలు దగ్గర దారంతో ముడివేస్తారు. నిలువునా ఒక వెదురు బద్ద, చేతులకు విడి పుల్లలు. ఇంతే సామాను.

కొత్త బొమ్మ ఎలా పుడుతుందో కొంచెం నిదానంగా చెప్పాలి. చిరిగిపోయిన పాత బొమ్మను కింద పరిచి, దాని మీద కొత్త తోలు వేస్తారు. తోలు గుండా కింది గీతలు కనిపిస్తాయి కాబట్టి వాటి వెంబడే గీసుకుంటారు. కాగితం మీద నమూనా ఉండదు, పుస్తకం ఉండదు. పాత బొమ్మే నమూనా. అందుకే బొమ్మ ముసలిదైనా ఇంట్లో దానికి పని ఉంటుంది.

సినిమా ఊళ్లకు వచ్చింది. రాత్రంతా కూర్చుని చూసేవాళ్లు తగ్గారు, ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్లూ తగ్గారు. అలాంటి రోజుల్లోనే నగరాల నుంచి, విదేశాల నుంచి పాత బొమ్మలు కొనేవాళ్లు వచ్చారు. వాళ్లకు పాతదే కావాలి. ఎంత మాసితే అంత విలువ. ఆకలి ఇంట్లో ఉన్నప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? తాత గీసిన రావణుడిని ఇచ్చేశారు. ఇచ్చింది ఒక బొమ్మను మాత్రమే కాదు, దాని మీద గీసుకోవలసిన రేపటి బొమ్మలన్నిటినీ ఇచ్చేశారు. తప్పు అమ్మినవాళ్లదని మేము అనలేం. కొన్నవాళ్లు గీతల నకలు ఒకటి ఆ ఇంట్లో వదిలి వెళ్లి ఉంటే సరిపోయేది.

ఇక మ్యూజియంలో ఏం జరుగుతుంది? మా బడి పిల్లలను ఒకసారి పట్నంలో ఒక మ్యూజియంకు తీసుకుపోయాం. గాజుపెట్టెలో, గోడకు ఆనించి, పైనుంచి పడే సన్నటి వెలుగులో ఒక బొమ్మ ఉంది. ఎర్రరంగు నల్లగా కనిపిస్తోంది. "ఇది కాలిపోయిందా సార్?" అని ఒక పాప అడిగింది. కాలిపోలేదు. వెలుగు వెనక నుంచి రావలసినది ముందు నుంచి పడుతోంది, అంతే. వెనక దీపం లేకపోతే చిల్లులు చిల్లులే, రవ్వలు కావు.

మరి వెనక దీపం పెట్టవచ్చు కదా? పెట్టడం అంత తేలిక కాదు, వాళ్ల ఇబ్బందీ నిజమే. వెలుగుకు రంగు వెలుస్తుంది. వెలిసిన రంగు తిరిగి రాదు. అందుకే ఇలాంటి వస్తువుల మీద 50 లక్సులకు మించి వెలుగు పడకూడదని మ్యూజియంలు నియమం పెట్టుకున్నాయి. ఇక్కడ మనం బడిలో చేసే లెక్క ఒకటి చేద్దాం. ఆ 50 లక్సులే రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు పడితే 1,20,000 అవుతుంది. ఆటలో బొమ్మ మీద అంతకు నాలుగింతలు, 200 లక్సులు పడుతుందనుకుందాం. ఒక బొమ్మ రాత్రికి అరగంటకు మించి తెర మీద ఉండదు. ఏడాదికి 20 ఆటలంటే 10 గంటలు. మొత్తం 2,000. అంటే ఈ లెక్కన మసక గదిలో ఊరికే నిలబడ్డ బొమ్మ, ఆడిన బొమ్మ కంటే 60 రెట్లు వెలుగు తాగుతుంది. ఆట లేనప్పుడు బొమ్మ బుట్టలో చీకట్లో పడుకుంటుంది. దానికి అదే రక్ష.

గాలి చెమ్మ సంగతీ ఇంతే. గదిలో చల్లదనం యంత్రం పగలు నడిచి రాత్రి ఆగితే పచ్చితోలు రోజూ బిగుసుకుంటుంది, వదులవుతుంది. మొదట అంచులు పైకి లేస్తాయి. తర్వాత మడత దగ్గర రంగు పొలుసులుగా రాలుతుంది. బొమ్మ కింద రంగుపొడి కనిపిస్తే వస్తువు చెడుతోందని గుర్తు. సన్నటి ఇసుకలాంటి పొట్టు కనిపిస్తే పురుగు పట్టినట్టు. బొమ్మలాట ఇంట్లో అయితే చిరిగిన చోట మాసిక వేసి, వెలిసిన చోట మళ్లీ రంగు పూసేవాళ్లు. మ్యూజియంలో పూయకూడదు. ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. అది వాళ్ల ధర్మం, దాన్ని తప్పుపట్టం.

మేము తప్పుపట్టేది చీటీని. పేరు, రాష్ట్రం, మేకతోలు, శతాబ్దం అని ఉంటుంది. ఎవరు గీశారు, ఏ ఊరు, ఎవరు గొంతు ఇచ్చారు అన్నది సాధారణంగా ఉండదు. అరకు దగ్గర గిరిజన మ్యూజియంకు వెళ్లిన మనవాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు. పైగా చీటీ మీద రాముడని రాస్తే ఆ బొమ్మ ఎప్పటికీ రాముడే. తెర మీద అవసరమైతే ఒక కథలో రాజు మరో కథలో మరో రాజు అయ్యేవాడు. జుట్టుపోలిగాడు, బంగారక్కల బొమ్మలను దాచగలరు, వాళ్ల నోటిని ఎలా దాస్తారు? వాళ్లు ఆ ఊరి కరణాన్నీ, పెద్దరెడ్డినీ ఆ రాత్రికి ఆ రాత్రే ఎత్తిపొడిచేవాళ్లు. మరుసటి ఊళ్లో ఆ మాట పనికిరాదు.

ఇవాళ ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ పని ఇంకా ఉంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్ర తోలుబొమ్మల కళకు భౌగోళిక గుర్తింపూ ఉంది. అయితే అక్కడి ఇళ్లలో ఎక్కువగా తయారయ్యేవి లాంతరు గొట్టాలు, గోడకు వేలాడదీసే బొమ్మలు. లాంతరులో దీపం లోపలే ఉంటుంది కాబట్టి రంగు వెలుగుతుంది, చిల్లులు మెరుస్తాయి. కాని దానికి భుజం దగ్గర ముడి లేదు, మోకాలు లేదు. మ్యూజియంలోని బొమ్మకు ముళ్లన్నీ ఉన్నాయి, వెనక వెలుగు లేదు.

చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. గాజుపెట్టెకు ఒక మీట పెట్టి, చూసేవాళ్లు నొక్కినప్పుడు అర నిమిషం మాత్రమే వెనక దీపం వెలిగేలా చేయవచ్చు. ఒక బొమ్మను కొన్ని నెలలు చూపించి, తర్వాత చీకట్లో విశ్రాంతి ఇవ్వవచ్చు. అన్నిటికన్నా ముందు, పాత బొమ్మ మీద పలుచటి కాగితం పరిచి, ఉలి చిల్లులతో సహా గీతలు ఎత్తి, ఆ నకళ్లను నిమ్మలకుంటలో ఇప్పుడు ఉలి పట్టిన పిల్లల చేతికి ఇవ్వాలి.