టాప్-డౌన్ గేమ్ కెమెరా

టాప్-డౌన్ గేమ్ కెమెరా అంటే పైనుంచి చూపే ఆటలో, ప్రపంచంలోని ఏ భాగం తెరపై కనిపించాలో ప్రతి ఫ్రేమ్‌లో నిర్ణయించే వ్యవస్థ. నింటెండో 1986లో విడుదల చేసిన ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా’లో పాత్ర తెర అంచు దాటగానే దృశ్యం పక్క తెరకు జరుగుతుంది; గది మార్పుకు ఇది ఒక నమూనా.

మృదువైన అనుసరణలో కెమెరా లక్ష్యానికున్న దూరంలో కొంత భాగాన్ని ప్రతి ఫ్రేమ్‌లో తగ్గిస్తుంది. ఆ భాగాన్ని 0.125గా స్థిరపరిస్తే, దూరం సగానికి తగ్గడానికి సెకనుకు 60 ఫ్రేముల వద్ద సుమారు 0.09 సెకను, 30 వద్ద దానికి రెట్టింపు పడుతుంది. నెమ్మది యంత్రంలో కెమెరా వెనకబడటం ఈ లోపానికి గుర్తు. గడిచిన కాలాన్ని లెక్కలోకి తెస్తే తేడా పోతుంది:

```
cam += (target - cam) * (1 - exp(-8 * dt))
```

గది మార్పులో హద్దులే కీలకం. తెర వెడల్పు 320, గది వెడల్పు 480 పిక్సెళ్లయితే కెమెరా కేంద్రం 160 నుంచి 320 వరకే కదలాలి. దాన్ని ఆనుకుని ఉన్న తూర్పు గదిలో ఆ హద్దు 640 వద్ద మొదలవుతుంది. హద్దును ఒక్కసారిగా మారిస్తే దృశ్యం ఎగిరిపడుతుంది. అందుకే పాత్రను ఆపి, అనుసరణను పక్కనపెట్టి, కేంద్రాన్ని 320 నుంచి 640కి సుమారు అర సెకనులో జరపడం మేలు.

తెర కంపాన్ని cam విలువలో కలపకూడదు; కలిపితే కెమెరా పక్కకు జారిపోతుంది. గీసేటప్పుడు మాత్రమే, హద్దుల లెక్క ముగిశాక, దాన్ని జోడిస్తారు. అప్పుడు గది అంచు అవతల ఖాళీ కనిపించకుండా, గోడల వెలుపల కంపం గరిష్ఠ పరిమాణమంత మేర అదనపు పలకలు గీయాల్సి ఉంటుంది.