టాన్ డెల్టా పీక్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

హైదరాబాద్‌లోని తార్నాకలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ, అంటే ఐఐసీటీ, ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు డి.కె. ఛటోపాధ్యాయ, కె.వి.ఎస్.ఎన్. రాజు పాలీయురెథేన్ పూతల మీద రాసిన సుదీర్ఘ సమీక్షా వ్యాసం 2007లో ‘ప్రోగ్రెస్ ఇన్ పాలిమర్ సైన్స్’ పత్రికలో వచ్చింది. ఆ పూతల్లో ఒక రకం గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. ఐసోసయనేట్ నీటితో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి అమీన్‌గా మారుతుంది. ఆ అమీన్ మిగిలిన ఐసోసయనేట్‌తో కలిసి యూరియా బంధాలు కడుతుంది. ఇలాంటి పూత నిజంగా గట్టిపడిందా, ఎండలో మెత్తబడుతుందా అని తేల్చడానికి వాడే పరీక్షల్లో డైనమిక్ మెకానికల్ అనాలిసిస్, అంటే డీఎంఏ, ఒకటి.

పూతను టెఫ్లాన్ వంటి అంటుకోని ఉపరితలం మీద పోసి, ఆరాక ఒలిచి, సన్నని పట్టీగా కోస్తారు. దాన్ని రెండు క్లాంపుల మధ్య బిగించి, సెకనుకు ఒకసారి అతి కొద్దిగా సాగదీసి వదులుతూ, నిమిషానికి 3 డిగ్రీల చొప్పున వేడి పెంచుతారు. పట్టీ సాగడం లాగిన బలం కంటే కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని కొలిచే కోణమే డెల్టా. బలంతో కలిసి నడిచే భాగం స్టోరేజ్ మాడ్యులస్, E′. అది తిరిగి వచ్చే శక్తికి గుర్తు. వెనకబడే భాగం లాస్ మాడ్యులస్, E″. అది వేడిగా పోయే శక్తికి గుర్తు. tan δ = E″/E′.

లెక్క సులువుగా ఉండడానికి ఒక ఊహా ఫిల్మ్ తీసుకుందాం. 30 డిగ్రీల దగ్గర E′ 1800, E″ 54 మెగాపాస్కల్స్ అనుకుంటే టాన్ డెల్టా 0.03. 52 డిగ్రీల దగ్గర E′ జారడం మొదలవుతుంది. 61 దగ్గర E″ 140తో గరిష్ఠానికి చేరుతుంది, అప్పటికి E′ 900. నిష్పత్తి 0.16 మాత్రమే. ఆ తర్వాత రెండూ పడిపోతాయి, కానీ E′ మరింత వేగంగా పడుతుంది. కాబట్టి నిష్పత్తి ఇంకా పెరుగుతూనే ఉంటుంది. 78 డిగ్రీల దగ్గర E′ 60, E″ 36 అయినప్పుడు టాన్ డెల్టా 0.6తో పీక్ వస్తుంది.

గాజు స్థితి నుంచి రబ్బరు స్థితికి మారే ఉష్ణోగ్రత, అంటే టీజీ, ఎంత? 52 అన్నా, 61 అన్నా, 78 అన్నా ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. స్పష్టంగా కనిపిస్తుంది కనుక చాలామంది మూడోదే రాస్తారు. నా దృష్టిలో పూతల విషయంలో అది కొంచెం ఉదారమైన అంకె. వేసవిలో రేకు పైకప్పు 60 డిగ్రీలు దాటడం అరుదేమీ కాదు. 78 చూసి ధైర్యపడ్డ పూత 61 దగ్గరే తన గట్టిదనంలో సగం పోగొట్టుకుంది. బరువు మోయాల్సిన చోట E′ జారడం మొదలైన ఉష్ణోగ్రతే కావాలి. కంపనాన్ని మింగే మౌంటు చేసేవారికైతే టాన్ డెల్టా పీకే అసలు సమాచారం.

పీక్ స్థానం ఫ్రీక్వెన్సీతోనూ జరుగుతుంది. ఈ మార్పుకు యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కు 400 కిలోజౌల్స్ అనుకుంటే, 1 హెర్ట్జ్ నుంచి 10కి వెళ్లగానే మన పీక్ సుమారు 6 డిగ్రీలు పైకి వెళ్తుంది. కాబట్టి ఫ్రీక్వెన్సీ, వేడి పెంచిన వేగం రాయకుండా ఇచ్చిన టీజీని మరో ల్యాబ్ అంకెతో పోల్చలేం.

పీక్ ఎత్తు తగ్గితే అడ్డబంధాలు పెరిగాయని తేల్చేయడం మామూలు. ఒక్కోసారి అది నిజమే. అయితే ఫిల్లర్ కలిపినా ఎత్తు తగ్గుతుంది, ఎందుకంటే కదిలే పాలిమర్ వాటా తగ్గింది. సందేహం తీరాలంటే రబ్బరు దశలోని E′ చూడాలి. ఫిల్లర్ లేని ఫిల్మ్‌లో 400 కెల్విన్ దగ్గర అది 12 మెగాపాస్కల్స్ అయితే, ν = E′/3RT ప్రకారం ఘనమీటరుకు దాదాపు 1200 మోల్‌ల గొలుసులు వస్తాయి. ఈ సూత్రం ఆదర్శ రబ్బరుది. బిగుతు వలల్లో ఇది ఒకే కుటుంబపు నమూనాలను పోల్చడానికే పనికొస్తుంది.

ఇక మాడ్యులస్ అంకె మీద నమ్మకం మందం కొలతను బట్టి ఉంటుంది. 100 మైక్రాన్ల ఫిల్మ్‌ను 10 మైక్రాన్లు తప్పుగా కొలిస్తే E′ కూడా దాదాపు అంతే శాతం తప్పుతుంది. వంచి కొలిచే పద్ధతిలో మందం ఘనంగా లెక్కలోకి వస్తుంది కనుక తప్పు మూడింతలవుతుంది. రెండు మాడ్యులస్‌లకూ అదే తప్పు పడుతుంది కాబట్టి నిష్పత్తిలో అది రద్దయిపోతుంది. అందుకే టాన్ డెల్టా పీక్ బాగా కుదిరినా మాడ్యులస్ నమ్మదగ్గదని అర్థం కాదు.

తేమతో ఆరే పూతకు ఒక్క రన్ చాలదు. మొదటి రన్‌లో మిగిలిన సాల్వెంట్, తేమ పీక్‌ను కిందకు లాగుతాయి. రబ్బరు దశలో E′ ఆ దశకు సహజమైన స్వల్ప పెరుగుదలను మించి ఎగబాకితే, పూత యంత్రంలోనే ఇంకా గట్టిపడుతోందని అనుమానించాలి. చల్లార్చి అదే పట్టీని మళ్లీ నడిపినప్పుడు పీక్ పైకి జరిగితే, సాల్వెంట్ పోవడం వల్లా, క్యూరింగ్ మిగిలిపోవడం వల్లా అన్నది డీఎంఏ ఒక్కటే తేల్చలేదు. 2270 సెంటీమీటర్ విలోమం దగ్గరి ఐసోసయనేట్ బ్యాండ్ మిగిలుందో లేదో ఇన్‌ఫ్రారెడ్‌లో చూసి, బరువు నష్టం కొలిచాకే మాట చెప్పాలి.