ఏటీఎంలో డబ్బు రాలేదా? అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు ఇలా తిరగరాయాలి

పాలకుర్తి (ఉమ్మడి వరంగల్): ఏటీఎంలో నోట్లు రాలేదు, ఖాతాలో మాత్రం పది వేలు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. నెల రోజులు బ్రాంచి చుట్టూ తిరిగి విసిగిన పాలకుర్తి ఖాతాదారు ఒకరు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఇలా రాశారనుకుందాం:

"అయ్యా, నేను పేదవాణ్ని. నా కష్టార్జితం బ్యాంకోళ్లు మింగేశారు. ఎన్నిసార్లు పోయినా రేపు రా అంటున్నరు. మేనేజర్ మర్యాద లేకుండా మాట్లాడిండు. కఠిన చర్య తీసుకోండి."

ఇందులో అబద్ధమేం లేదు. అయినా ఈ కాగితం విచారణ దాకా పోకపోవచ్చు. ముందుగా బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, 30 రోజుల్లో జవాబు రాకపోతేనో, వచ్చిన జవాబు నచ్చకపోతేనో అంబుడ్స్‌మన్ దగ్గరికి రావాలి. 2021 నవంబర్ 12న మొదలైన సమగ్ర అంబుడ్స్‌మన్ పథకంలో ఉన్న షరతు ఇదే. "ఎన్నిసార్లు పోయినా" అన్న మాటతో ఆ షరతు తీరదు. కౌంటర్ దగ్గర నోటితో చెప్పినదానికి రసీదు ఉండదు కదా.

అదే గోడును తిరగరాస్తే:

"మార్చి 3 సాయంత్రం ఫలానా ఏటీఎంలో రూ. 10,000 కోసం కార్డు వాడాను. నోట్లు రాలేదు, ఖాతాలో కోత పడింది. లావాదేవీ నంబరు ఇది. మార్చి 10న నా బ్యాంకు బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. రసీదు నంబరు ఇది. ఏప్రిల్ 9తో 30 రోజులు ముగిశాయి, జవాబు లేదు. రూ. 10,000 తిరిగి ఇప్పించాలి. మార్చి 9 నుంచి నేటి ఏప్రిల్ 12 వరకు 35 రోజులకు రూ. 3,500, డబ్బు జమయ్యే దాకా రోజుకు రూ. 100 చొప్పున పరిహారం ఇప్పించాలి. స్టేట్‌మెంట్, ఫిర్యాదు కాపీ, రసీదు జతచేశాను."

పరిహారం లెక్క ఊరికే వేసింది కాదు. ఇలాంటి సొమ్మును లావాదేవీ తేదీ తర్వాత 5 రోజుల్లో బ్యాంకే వెనక్కి వేయాలని, ఆలస్యమైతే రోజుకు రూ. 100 కట్టాలని 2019 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు చెప్పింది. మార్చి 3కు గడువు 8తో అయిపోయింది, అందుకే లెక్క 9 నుంచి. "కఠిన చర్య" అని అడిగితే ఎంత ఇప్పించాలో చదివేవాళ్లకు తెలియదు.

చాలామంది పొరబడేది ఇంకోచోట. ఏటీఎం మీద పేరున్న బ్యాంకుకు అర్జీ ఇచ్చేస్తారు. ఇవ్వాల్సింది మాత్రం కార్డు ఇచ్చిన సొంత బ్యాంకుకు.

మేనేజర్ మాటతీరు సంగతి? రాయాలనిపిస్తే తేదీతో చివర ఒక వాక్యం చాలు. మొదట్లో పెడితే అసలు డబ్బు సంగతి వెనక్కి పోతుంది.

ఫిర్యాదును cms.rbi.org.in లో పెట్టొచ్చు. సందేహముంటే 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. ఒక్క జాగ్రత్త: పై ఉదాహరణలో ఇదే కాగితం ఏప్రిల్ 8న పంపి ఉంటే, 30 రోజులు నిండలేదన్న కారణంతోనే తిరిగొచ్చేది.